అరుగు మీద తాతయ్య, ఉలిక్కిపడని ఇల్లు

ప్రశ్న: కోనసీమలో ఒక కుటుంబం మూడు తరాల కథ నవలగా రాస్తున్నాను. 1986 గోదావరి వరదలో కొట్టుకుపోయిన తాతయ్య, నాలుగో అధ్యాయం నుంచి రోజూ సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చుంటాడు. నేను రాసింది ఇది: "చీకటి పడుతుండగా తాతయ్య పొగమంచులోంచి నడిచొచ్చాడు. ఆయన చుట్టూ ఏదో వింత వెలుగు. అయినా ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆ ఇంట్లో అది మామూలే." చదివినవాళ్లలో ఒకరు దెయ్యం కథలా ఉందన్నారు. ఇంకొకరు, ఇంతమందిలో ఒక్కరూ అదిరిపడకపోవడమేంటి, నమ్మబుద్ధి కావట్లేదు అన్నారు. మనవరాలికి వచ్చిన కలగా మార్చెయ్యనా?
— ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు:

కలగా మార్చకండి. కలైతే తెల్లారేసరికి అయిపోతుంది, దాని వల్ల ఇంట్లో ఎవరి బతుకూ మారదు. మీ తాతయ్య వల్ల చాలా మారాలి. మార్చాల్సింది ఆయన్ని కాదు, ఆయన వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు చేసే పనుల్ని. మీరు పంపిన ముక్కలో వాళ్లు ఏమీ చెయ్యడం లేదు. మీ స్నేహితులిద్దరినీ ఇబ్బంది పెట్టింది అదే అని నా అనుమానం.

"ఎవరూ ఆశ్చర్యపోలేదు" అన్న వాక్యాన్ని ముందు చూద్దాం. ఈ మాట ఎవరు అంటున్నారు? ఆ ఇంటి మనిషి అనడు. రోజూ చూసే విషయం గురించి "దీనికి ఎవరూ ఆశ్చర్యపోలేదు" అని మనమెవరం చెప్పుకోం. అది వింత అని తెలిసిన మనిషే అలా అంటాడు. అంటే కథ చెప్పే గొంతు వీధిలో నిలబడి, నోరు తెరుచుకుని లోపలికి చూస్తోంది. పొగమంచు, వింత వెలుగు కూడా ఆ గొంతువే. పాత్రలు ఎంత నిబ్బరంగా ఉన్నా, గొంతు జడుసుకుంటే పాఠకుడూ దానితో పాటే జడుసుకుంటాడు. దెయ్యం కథ అని ఆయనకు అనిపించింది అందుకే.

ఈ పనిలో అందరికంటే ముందు గుర్తొచ్చేది గాబ్రియెల్ గార్సియా మార్క్వెజ్ 1967లో అచ్చువేసిన "వందేళ్ల ఏకాంతం". అందులో మీ తాతయ్యకు దగ్గరి చుట్టం లాంటివాడు ఒకడున్నాడు, ప్రుదెన్సియో అగిలార్. కోడిపందెంలో ఓడిపోయిన కోపంలో, కథలోని కుటుంబానికి మూలపురుషుడైన హోసే ఆర్కాదియో బుయెందియా మగతనాన్ని ఎగతాళి చేస్తాడు. హోసే ఆర్కాదియో బల్లెం విసిరి వాడి గొంతు చీల్చి చంపుతాడు. కొన్నాళ్లకి ఒక రాత్రి అతని భార్య ఉర్సులా నిద్రపట్టక మంచినీళ్ల కోసం పెరట్లోకి వెళ్తుంది. నీళ్ల జాడీ పక్కన చచ్చిపోయిన ప్రుదెన్సియో నిలబడి ఉంటాడు. గొంతులో పడ్డ కన్నాన్ని గడ్డి ఉండతో మూసుకోవాలని చూస్తున్నాడు. ఆమెకు భయం వెయ్యదు, జాలి వేస్తుంది.

లోపలికి వచ్చి మొగుడితో చెబితే అతను కొట్టిపారేస్తాడు. మన మనసులో ఉన్న తప్పు బరువు మనం మొయ్యలేకపోతున్నాం, అంతే అంటాడు. గమనించండి, సైన్సు తెలిసిన పాఠకుడు ఇచ్చే వివరణను రచయిత ఒక పాత్ర చేతే ముందుగా అనిపించేశాడు. రెండు రాత్రుల తర్వాత ఆమెకు మళ్లీ కనపడతాడు, ఈసారి స్నానాల గదిలో, మెడ మీద గడ్డకట్టిన రక్తం కడుక్కుంటూ. ఇంకో రాత్రి వానలో తిరుగుతూ ఉంటాడు. విసిగిపోయిన హోసే ఆర్కాదియో బల్లెం పట్టుకుని బయటికొచ్చి, ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు చంపుతానని అరుస్తాడు. చచ్చినవాడు కదలడు. ఆ చూపులో కనిపించిన ఒంటరితనం, బతికున్నవాళ్ల మీద బెంగ అప్పట్నుంచి హోసే ఆర్కాదియోకి నిద్ర లేకుండా చేస్తాయి.

ఇక్కడ ఉర్సులా ఏం చేస్తుందో చూడండి. మరోసారి ఆమె వెళ్లేసరికి అతను పొయ్యి మీది గిన్నెల మూతలు తీసి చూస్తుంటాడు. గడ్డి ఉండ తడుపుకోవడానికి నీళ్లు వెతుక్కుంటున్నాడని అప్పుడు ఆమెకు అర్థమవుతుంది. ఆ రోజు నుంచి ఇల్లంతా అక్కడక్కడా నీళ్లు నింపి పెడుతుంది.

అసాధ్యమైనది మామూలు కావడమంటే ఇదే అని నేననుకుంటాను. ఉర్సులా ఆశ్చర్యపోలేదని రచయిత చాటింపు వెయ్యలేదు. ఆమె గిన్నెల్లో నీళ్లు పెట్టిందని మాత్రం రాశాడు. ఇంటికొచ్చిన మనిషికి ఏదో కావాలి, ఇల్లు చూసుకునే మనిషి అదేంటో కనిపెట్టి అమర్చింది. చివరికి ఒక రాత్రి హోసే ఆర్కాదియోకి తన పడగ్గదిలోనే అతను గాయం కడుక్కుంటూ కనపడతాడు. "సరే ప్రుదెన్సియో, మేమే ఈ ఊరు వదిలేసి పోతాం, నువ్వు నిమ్మళంగా వెళ్లు" అన్న అర్థంలో మాటిస్తాడు. పందెంకోళ్ల గొంతులు కోసి, బల్లెం పాతిపెట్టి, కొండలు దాటి బయల్దేరతారు. నవల మొత్తానికి వేదికైన మకోందో ఊరు అలా పుడుతుంది. చచ్చిపోయినవాడికి నీళ్లు కావాల్సి రావడం దగ్గర మొదలై కథ ఒక ఊరు కట్టేదాకా వెళ్లింది. అందుకే అతను అలంకారంగా అనిపించడు.

ఇప్పుడు మీ రెండో స్నేహితుడి మాట. అది తీసిపారెయ్యాల్సిన మాట కాదు. ఎవరూ స్పందించకపోతే మనుషులు మట్టిబొమ్మలవుతారు. మార్క్వెజ్ నవలలో అందరూ స్పందిస్తారు, కాకపోతే ఎవరి గోల వాళ్లది. రెమెదియోస్ అనే అందగత్తె ఆకాశంలోకి ఎగిరిపోయే ఘట్టం చాలామందికి తెలిసే ఉంటుంది. మార్చి నెలలో ఒక మధ్యాహ్నం, ఆ ఇంటి కోడలు ఫెర్నాండా తోటలో దుప్పట్లు మడత పెట్టడానికి ఇంట్లో ఆడవాళ్ల సాయం అడుగుతుంది. మొదలుపెట్టగానే రెమెదియోస్ పాలిపోయిందని ఉర్సులా కూతురు అమరాంటా గమనించి, ఒంట్లో బాగోలేదా అని అడుగుతుంది. అంతలో వెలుగుతో నిండిన గాలి ఒకటి వచ్చి ఫెర్నాండా చేతుల్లోంచి దుప్పట్లను లాగేస్తుంది, రెమెదియోస్ పైకి లేస్తుంది. ఆ గాలి ఏ జాతిదో గుర్తుపట్టింది ఉర్సులా ఒక్కతే, అప్పటికి ఆవిడకి చూపు దాదాపు పోయింది. దుప్పట్లను వెలుగుకే వదిలేసి, చెయ్యి ఊపుతూ వెళ్తున్న పిల్లను అలా చూస్తుంది. బయటివాళ్లు ఏమనుకున్నారు? ఆ పిల్ల చేసిన పనేదో దాచి, ఇంటి పరువు కాపాడుకోవడానికి కట్టిన కథ అనుకున్నారు. మరి ఫెర్నాండా? అసూయతో రగిలిపోయి, చివరికి అద్భుతాన్ని ఒప్పుకుని, తన దుప్పట్లు తనకు తిరిగి పంపమని చాలాకాలం దేవుణ్ణి వేడుకుంటూ ఉండిపోతుంది.

ఆ ఒక్క ముక్కతో ఫెర్నాండా మనకు పూర్తిగా తెలిసిపోతుంది. రాణిలా పెరిగాననుకునే మనిషి, సామాను మీద ప్రాణం, దేవుడితో కూడా లెక్కాపత్రం. సంఘటన అందరికీ ఒకటే, కానీ ఒక్కొక్కరికీ తగిలిన చోటు వేరు. మీ అధ్యాయంలో "ఎవరూ" అనే మాట ఉంది. ఆ మాట తీసేసి, అక్కడున్న మనుషుల పేర్లు రాసుకోండి. తాతయ్య రావడం వల్ల ఒక్కొక్కరికి ఏ తలనొప్పి వచ్చిందో, ఏ ఊరట దొరికిందో పేరు ఎదురుగా రాయండి. ఏమీ తోచని మనిషిని ఆ సన్నివేశంలోంచి బయటికి పంపెయ్యండి.

మీ కథలో అడగాల్సిన ప్రశ్నలు నాకు వెంటనే కొన్ని తోచాయి. అన్నిటికంటే ముందు మీ నాయనమ్మ. ఆవిడ మొగుడు వరదలో పోయాడు, బొట్టు తీసేశారు. ఇప్పుడు రోజూ సాయంత్రం ఆయన అరుగు మీద ఉంటున్నాడు. ఆవిడ బొట్టు పెట్టుకోవాలా వద్దా? పెట్టుకుంటే ఊళ్లో పేరంటాలకు పిలుస్తారా? ఆబ్దికం సంగతేంటి? తిథి నాడు పురోహితుడు వచ్చి, పిండాలు పెట్టించేసరికి ఆ మనిషే అరుగు మీద కూర్చుని ఉంటే పెద్దకొడుకు ఏం చెయ్యాలి? ఆ ఒక్క రోజూ ఆయన పెరటి వైపు వెళ్లి కూర్చుంటాడా, లేక విస్తరి తనకే వేస్తున్నారని చూస్తూ ఉంటాడా? తెలుగిళ్లలో పోయినవాళ్లకి ఎలాగూ ఏటా భోజనం పెడతాం, కాకి ముట్టిందా లేదా అని ఎదురుచూస్తాం. పోయినవాళ్లు రావడం మన ఇళ్లకి కొత్త కాదు. మీ నవలలో ఆయన రోజూ వస్తున్నాడు, అదొక్కటే తేడా. కాబట్టి వింత వెలుగు కోసం వెతుక్కోనక్కర్లేదు, ఈ బొట్టు తగవు దగ్గరే అధ్యాయమంతా నడుస్తుంది. నేనైతే ఆ తగవుకే ఎక్కువ పేజీలు ఇస్తాను.

ఇక ఆయన ఒంటి మీద ఏముంటుంది అన్నది. ప్రుదెన్సియోకి గడ్డి ఉండ ఉంది. మీ తాతయ్య వరదలో పోయాడు కాబట్టి ఆయన తడిగా ఉంటాడు. ఆ తడి చాలు, దాంతోనే కథ నడపొచ్చు. మీ నాలుగు వాక్యాల స్థానంలో ఇలాంటిదేదో పెట్టి చూడండి. పేర్లు నేను పెట్టుకున్నవి, మీవి మీరు పెట్టుకోండి:

"ఒడియాలు తీశావా సుభద్రా? మీ మావయ్యగారొచ్చే వేళైంది," అని అత్తగారు వంటింట్లోంచి కేకేసింది. సుభద్ర చేట పట్టుకుని వచ్చేసరికే ఆయన అరుగు తూర్పు చివర కూర్చుని ఉన్నాడు. పంచె అంచు నుంచి నీళ్లు కారి ఒడియాల గుడ్డ ఒక మూల తడిసిపోయింది. "మినప్పప్పు ధర ఎలా ఉందో మీకేం తెలుసు మావయ్యగారూ," అంటూ ఆయన కాళ్ల కింద గోనెపట్టా వేసింది. ఆయన కాళ్లు రెండూ కాస్త పైకెత్తి పెట్టాడు.

ఇందులో ఆయన చచ్చిపోయాడన్న మాట కూడా లేదు, అది ముందు అధ్యాయంలో పాఠకుడికి తెలిసే ఉంటుంది. కోడలికి ఆయన బతికుండగా తెలియదు, కాపురానికొచ్చింది తర్వాతే. ఆమెకు తెలిసిన మావగారు తడిసిన మావగారే. కాబట్టి ఆమె గొంతులో విసుగుంటుంది, భయం ఉండదు. ఆయన కాళ్లు ఎత్తి పెట్టడం చిన్న పనే కానీ, పాఠకుడు ఆయన్ని మనిషిగా ఒప్పుకునేది అక్కడే.

అంకెల గురించి ఒక హెచ్చరిక. మార్క్వెజ్ 1981లో పారిస్ రివ్యూకి ఇచ్చిన ఇంటర్వ్యూలో, ఏనుగులు ఎగురుతున్నాయంటే ఎవరూ నమ్మరు, నాలుగొందల ఇరవై అయిదు ఏనుగులు ఎగురుతున్నాయంటే బహుశా నమ్ముతారు అన్నాడు. ఇది చదివిన చాలామంది ప్రతి వింతకీ ఒక అంకె తగిలిస్తారు. "తాతయ్య సరిగ్గా ఆరు గంటల పదిహేడు నిమిషాలకు వచ్చాడు" అని రాస్తారు. ఎవరు గడియారం చూశారు, ఎందుకు చూశారు అన్నది ఉండదు. ఆ నవలలో ఉర్సులా పెద్దకొడుకు చనిపోయినప్పుడు అతని నెత్తురు వీధులు దాటి, తివాచీలకు మరకలు కాకుండా గోడవారగా సాగి, ఉర్సులా వంటింటికి చేరుతుంది. అప్పుడామె రొట్టెల కోసం ముప్పై ఆరు గుడ్లు కొట్టబోతోంది. ఆ అంకె వంటావిడ లెక్క. ఇంతమందికి ఇన్ని రొట్టెలు, దానికి ఇన్ని గుడ్లు. అందుకే అది నమ్మకం కలిగిస్తుంది. మీ కథలో కూడా అంకెలు వాడే మనిషి పని లోంచి రావాలి. ఎన్ని ఒడియాలు తడిసి పాడయ్యాయో సుభద్రకి తెలుసు. తాతయ్య వచ్చే సమయం నాయనమ్మకి గంటల్లో తెలియక్కర్లేదు, గేదె పాలు పితికే వేళ అంటే చాలు.

ఇంకో సంగతి, ఆ నెత్తురు ఘట్టంలోనే ఉంది. చనిపోయిన ఆ కొడుకు శవం నుంచి తుపాకీమందు వాసన పోదు. సబ్బుతో తోముతారు, ఉప్పు, వెనిగర్, బూడిద, నిమ్మకాయ అన్నీ రుద్దుతారు. పాతిపెట్టినా వాసన ఆగదు. ఏళ్ల తర్వాత అరటి తోటల కంపెనీ ఇంజనీర్లు సమాధి మీద కాంక్రీటు పోసేదాకా శ్మశానంలో ఆ వాసన ఉంటూనే ఉంటుంది. అంటే ఒక పేజీలో జరిగిన వింత తర్వాతి పేజీల్లో మరకలా మిగిలింది. చాలా రాతప్రతుల్లో నేను చూసే లోపం ఇదే. నాలుగో అధ్యాయంలో తాతయ్య వస్తాడు, ఏడో అధ్యాయంలో పెళ్లి జరుగుతుంది, ఆ పెళ్లిలో తాతయ్య ఊసే ఉండదు. పందిరి వేసేవాళ్లు ఆయన కూర్చునే చోట రాట పాతాలంటే ఏం చేశారు? మగపెళ్లివారికి ముందే చెప్పారా, దాచారా? మీ ప్రతిని తీసి, తాతయ్య వచ్చిన తర్వాతి ప్రతి అధ్యాయంలో ఆ అరుగు తూర్పు చివర ఏ స్థితిలో ఉందో రాయగలరా చూడండి. ఒకచోట నాచు పట్టి ఉంటుంది. ఇంకోచోట తాపీమేస్త్రీ వచ్చి, నేల చెమ్మ లాగుతోంది, ప్లాస్టరింగ్ మళ్లీ చెయ్యాలి అంటాడు. ఊరివాళ్లకి అది కప్పు కారడం. మకోందోలో రెమెదియోస్ గురించి బయటివాళ్లు గుసగుసలాడినట్టే, వీధి అంతటికీ ఒక మామూలు వివరణ ఉండనివ్వండి. ఇంట్లోవాళ్లు ఎవరితోనూ వాదించరు.

అన్నదమ్ములు పంపకాలు చేసుకునే అధ్యాయం మీ నవలలో ఉండే ఉంటుంది, మూడు తరాల కథలో అది లేకుండా కుదరదు. అరుగు తూర్పు చివర ఎవరి వాటాలోకి వస్తుంది అన్నది అక్కడ పెద్ద తగవు కావాలి. తండ్రి తన వాటాలో ఉండాలని ఒకడు, ఆ చెమ్మతో మా గోడ నానిపోతోందని ఇంకొకడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

ఒక్క పని మాత్రం తాతయ్య చేత చేయించకండి. పోయిన దస్తావేజులు ఎక్కడున్నాయో ఆయన చెప్పడం, దొంగను పట్టించడం, మనవరాలికి సలహా ఇచ్చి పెళ్లి నిలబెట్టడం. అసాధ్యం వచ్చి చిక్కుముడి విప్పేస్తే మనుషులకు పని లేకుండా పోతుంది, మిగతా కథంతా కట్టుకథ అనిపిస్తుంది. ప్రుదెన్సియో ఎవరి సమస్యా తీర్చలేదు, సమస్య తెచ్చాడు. దస్తావేజుల కోసం కొడుకులు తాతయ్యను అడగొచ్చు, పెద్దవాడు ఆయన కాళ్ల దగ్గర కూర్చుని బతిమాలనూ వచ్చు. ఆయన పంచె పిండుకుంటూ ఉంటాడు.

మార్క్వెజ్ ఇంత పెద్ద పుస్తకంలో ఈ పద్ధతిని ఎందుకు వాడాడన్నది కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా ఉత్త నేర్పరితనంలా కనబడుతుంది. 1928 డిసెంబరులో కొలంబియాలోని సియెనగాలో, యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ అరటి తోటల్లో సమ్మె చేస్తున్న కూలీల మీద సైన్యం కాల్పులు జరిపింది. నవలలో ఆ కాల్పుల నుంచి బయటపడ్డ ఆ ఇంటి మునిమనవడు హోసే ఆర్కాదియో సెగుందో, శవాలు నింపిన రైల్లోంచి దూకి ఊళ్లోకి వచ్చి మూడు వేల మంది చచ్చిపోయారని చెబుతాడు. ఇక్కడ ఎవరూ చావలేదంటారు జనం. పిల్ల దుప్పట్లతో ఎగిరిపోయిందంటే ఒప్పుకున్న లోకంలో, నిజంగా జరిగిన హత్యాకాండ అసాధ్యంగా మారిపోయింది. అంతకుముందు మూడొందల పేజీల పాటు వింతల్ని నిబ్బరంగా చెప్పిన అదే గొంతు దీన్నీ చెబుతుంది కాబట్టి ఆ తిరస్కారం మనల్ని కోసేస్తుంది. మీ కథలో కూడా వరద ఉంది. ఆ ఏడు ఎవరెవరు పోయారు, ఎవరి పేర్లు ఏ జాబితాలోకీ ఎక్కలేదు, పాలేళ్ల గుడిసెల్లో ఎవరు మిగిలారు, ఆ సంగతి మీ ఇంటివాళ్లు మాట్లాడతారా? తాతయ్య రాకను సులువుగా ఒప్పుకున్న ఇల్లు, ఆ రాత్రి పెత్తనం ఎవరు చేశారు, పడవ ముందు ఎవరికి దక్కింది అన్న ప్రశ్న దగ్గర నోరు మూసుకోవచ్చు. ఇది మీ నవలకి సరిపోతుందో లేదో మీకే తెలియాలి. సరిపోతే ఆయన రోజూ రావడానికి కారణం దొరికినట్టే, అది ఎక్కడా రాయక్కర్లేదు కూడా.

చివరగా, నాలుగో అధ్యాయం చాలా ఆలస్యం. మూడు అధ్యాయాలు మామూలు లోకంలో నడిచిన పాఠకుడు నాలుగోదాంట్లో ఇంకో నియమాన్ని ఒప్పుకోడు. మకోందో కథ మొదటి అధ్యాయంలోనే జిప్సీలు ఇనుప గిన్నెల్ని అయస్కాంతాలతో వీధుల్లో లాక్కెళ్తారు, మంచుగడ్డ తాకడానికి డబ్బులు తీసుకుంటారు. అక్కడ మనుషులు నోరెళ్లబెట్టేది అయస్కాంతం, మంచు లాంటివి చూసి. అలా పాఠకుడి చెవి ముందే సిద్ధమైపోతుంది. మీరు తాతయ్యను మొదటి అధ్యాయంలోకి తెచ్చెయ్యండి, పూర్తిగా కాకపోయినా ఫరవాలేదు. సుభద్ర కాపురానికొచ్చిన మొదటి సాయంత్రం అరుగు మీద చాప పరవబోతే, అక్కడొద్దమ్మా అది తడిగా ఉంటుంది అని అత్తగారు అనడం, ఆమె చాప ఇటు లాక్కోవడం. ఆ తర్వాత పెళ్లివారు తెచ్చిన సున్నుండల డబ్బా ఎవరు తీసుకున్నారన్న గొడవలోకి వెళ్లిపోండి.